'మన' కాదు, 'మ్యాన్': ఒకటో తరగతికి ఆరు వారాల ఫోనిక్స్, తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రగిరి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి చెబుతున్నాను. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నాలాగే చిన్న తరగతులు చెప్పే టీచర్లు, పిల్లల అమ్మానాన్నలు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్ చదవడం మొదలుపెట్టించేటప్పుడు ఎక్కడ చిక్కు పడుతుందో, దాన్ని ఎలా విప్పాలో అన్నదే ఇందులో ముఖ్యమైన విషయం.

ఏ ఫర్ యాపిల్, బీ ఫర్ బాల్ అని చెప్పిస్తున్నాం కదా, అది ఫోనిక్స్ కాదా?

కాదు. ఫోనిక్స్ అంటే అక్షరాల ధ్వనులను కలిపి మాటను చదవడం. 'ఎస్' అన్నది అక్షరం పేరు. 'స్' అన్నది దాని ధ్వని. చదవడానికి పనికొచ్చేది ధ్వని. ఎస్, ఏ, టీ అనే మూడు పేర్లను ఎంత వేగంగా చెప్పినా 'స్యాట్' అనే మాట రాదు. స్, దాని పక్కన ఒక చిన్న అచ్చు, తర్వాత ట్, ఈ మూడు ధ్వనులు కలిస్తేనే వస్తుంది. పేర్లు మరిపించాల్సిన అవసరం లేదు, ఎలాగూ అంగన్‌వాడీలోనో యూకేజీలోనో నేర్చుకునే వస్తారు. ఈ ఆరు వారాలు మాత్రం కార్డు చూపిస్తే ధ్వనే చెప్పాలి.

మా పిల్లలకు ధ్వనులన్నీ వచ్చు. కానీ ఎమ్, ఏ, ఎన్ రాసి చూపిస్తే 'మన' అంటున్నారు. ఎందుకు?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే.

తెలుగులో మనం పలికే ముక్క అక్షరం. 'మ' అంటే అందులో మ్ తో పాటు అ కూడా ఉంది. 'బడి' అన్న మాటను ముక్కలు చేయమంటే ఏ తెలుగు పిల్లాడైనా బ, డి అంటాడు. బ్, అ, డ్, ఇ అనడు. అనాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. అలాంటి పిల్లాడికి ఎమ్ చూపించి మనం 'మ' అని చెప్పించామనుకోండి. తర్వాత ఏ అంటే 'అ', ఎన్ అంటే 'న'. ఆ మూడూ కలిపితే 'మ అ న', అంటే 'మన'. పిల్లాడు తప్పేమీ చేయలేదు. మనం ఇచ్చిన ముక్కలను ఉన్నవి ఉన్నట్టే కలిపాడు. పైగా 'మన' అనేది తనకు తెలిసిన మాట కాబట్టి సరిగ్గానే చదివాననుకుని సంతోషంగా మన ముఖంలోకి చూస్తాడు.

అందుకే హల్లును పొల్లుగానే పలకాలి. స కాదు, స్. మ కాదు, మ్. నేను మొదటి ఏడాది బ, క, డ అనే చెప్పించాను. ఆగస్టు చివరికి పిల్లలకు అక్షరాలన్నీ వచ్చాయి గానీ ఒక్క మాట కూడా చదవలేకపోయారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

ఇందులో ఒక సులువు ఉంది. మ్, న్, స్, ఫ్, ల్, ర్ లాంటి ధ్వనులను ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు. మ్మ్మ్మ్ అంటూ ఉండగానే నోరు తెరిస్తే తర్వాతి అచ్చులోకి జారిపోతాం. మధ్యలో 'అ' దూరే సందు ఉండదు. ట్, ప్, డ్, గ్, క్, బ్ సాగవు, ఒక్క దెబ్బతో అయిపోతాయి. వాటితో మొదలయ్యే మాటల్లో 'అ' తప్పకుండా వచ్చి చేరుతుంది. కాబట్టి మొదటి వారంలో సాగే ధ్వనితో మొదలయ్యే మాటలే ఇవ్వాలి, ఆగిపోయే ధ్వని మాట చివరనే ఉండాలి. 'స్యాట్', 'మ్యాట్' ముందు, 'ట్యాప్' తర్వాత.

అక్షరాలు ఏ వరుసలో చెప్పాలి? ఏ నుంచి జెడ్ వరకు వెళ్తే తప్పేంటి?

ఏ, బీ, సీ, డీ చెప్పేసరికి పిల్లాడు చదవగలిగే మాటలు 'క్యాబ్', 'డ్యాడ్' లాంటివి రెండు మూడు ఉంటాయి, అంతే. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరుతో మొదలుపెడితే డజన్లకొద్దీ మాటలు వస్తాయి. చాలా దేశాల ఫోనిక్స్ పద్ధతుల్లో మొదటి ఆరు ఇవే ఉంటాయి.

నేను ఆ వరుసలో ఒక్క మార్పు చేసుకున్నాను. పీని రెండో వారానికి జరిపి, ఎమ్‌ను మొదటి వారంలోకి తెచ్చాను. దానికి రెండు కారణాలు. మ్ సాగుతుంది. పైగా మన పిల్లల నోట మాట చివర పొల్లుగా పలికే అలవాటు ఉన్న ధ్వని అదొక్కటే అనొచ్చు. అన్నం, పుస్తకం, కుప్పం అన్న మాటలు చివర ఎలా ఆగుతాయో చూడండి. నోరు మూసి ఆగడం వాళ్లకు కొత్త కాదు.

మొదటి వారం ఎస్, ఏ, ఎమ్, టీ. రెండో వారం పీ, ఐ, ఎన్, డీ. మూడో వారం జీ, ఓ, సీ, కే. సీ, కే రెండింటిదీ ఒకే ధ్వని అని అప్పుడే చెప్పేయాలి. నాలుగో వారం ఈ, యూ, ఆర్, హెచ్. ఐదో వారం బీ, ఎఫ్, ఎల్ మూడే. మిగిలిన రోజు 'బెల్' చివర రెండు ఎల్‌లు, 'డక్' చివర సీకే పక్కపక్కన వచ్చినా ధ్వని ఒక్కటేనని చూపించాలి. ఆరో వారం కొత్త అక్షరం ఒక్కటీ లేదు.

సోమవారం నుంచి గురువారం వరకు రోజుకో అక్షరం. శుక్రవారం కలిపి చదవడమే. శనివారం పరీక్ష. బడి తెరిచాక మొదటి రెండు మూడు వారాలు పిల్లలు కుదురుకోవడానికే సరిపోతాయి. అందుకని నేను జులై మొదట్లో మొదలుపెడతాను. ఆగస్టు 15 ప్రాంతానికి ఆరు వారాలూ పూర్తవుతాయి.

రోజుకు ఎంతసేపు? ఆ సమయంలో ఏం చేయాలి?

ముప్పై నిమిషాలు. అంతకంటే సాగదీస్తే ఆరేళ్ల పిల్లలు నిలవరు. రెండో వారం బుధవారం, ఎన్ నేర్పే రోజు మా తరగతిలో ఎలా గడుస్తుందో చెబుతాను.

మొదటి 5 నిమిషాలు పాత కార్డులు. అప్పటికి ఆరు అక్షరాలు అయ్యాయి. కార్డు చూపించి మూడు లెక్కపెట్టేంతసేపు ఆగుతాను, తర్వాత అందరూ ఒకేసారి చెప్పాలి. ఆ ఆగడం ముఖ్యం. ఆగకపోతే ముందు బెంచీలోని నలుగురు అరుస్తారు, మిగతావాళ్లు వాళ్ల వెనక పాడతారు. ఎవరికి వచ్చో ఎవరికి రాదో తెలియదు.

తర్వాత 5 నిమిషాలు కొత్త ధ్వని. అక్షరం చూపించకముందే చెవికి వినిపిస్తాను. "నిమ్మకాయ, నెమలి, నూనె, వీటి మొదట్లో ఏం వినబడుతోంది?" అంటే ముందు 'ని', 'నె', 'నూ' అంటారు. "నాలుక పైకి ఆనించి, నోరు ఇంకా తెరవకుండా ఆగండి" అంటే న్న్న్ వస్తుంది. అప్పుడు కార్డు తీస్తాను. గాల్లో వేలితో రాస్తారు, పలకల మీద మూడుసార్లు రాస్తారు. రాసిన ప్రతిసారీ ధ్వని పలుకుతూనే రాయాలి.

తర్వాత 10 నిమిషాలు కలిపి చదవడం. రోజు మొత్తంలో అసలు పని ఇదే. బోర్డు మీద ఐ, ఎన్ పక్కపక్కన రాసి, కింద ఎడమ నుంచి కుడికి వేలు నెమ్మదిగా జరుపుతాను. వేలు ఆగదు కాబట్టి గొంతు కూడా ఆగకూడదు. 'ఇన్' వచ్చాక ముందు పీ చేర్చితే 'పిన్', పీ తుడిచి టీ పెడితే 'టిన్'. తర్వాత మ్యాన్, ప్యాన్, న్యాప్. వీలైనంత వరకు ఒక్కో మాటకు ఒక్క అక్షరమే మారుస్తాను. చదివిన ప్రతి మాటకూ అర్థం అడుగుతాను. పిన్ అంటే జేబుకు పెట్టుకున్నది చూపిస్తారు, న్యాప్ అంటే నేనే చెప్పాలి.

ఇంకో 7 నిమిషాలు డిక్టేషన్. నేను 'టిన్' అంటాను. పిల్లలు మూడు వేళ్లు చూపించి ఒక్కో వేలికి ఒక్కో ధ్వని చెప్పి, అప్పుడు పలక మీద రాస్తారు. మూడు మాటలు చాలు. చివరి 3 నిమిషాల్లో ఒక చిన్న వాక్యం చదువుతారు. వాక్యానికి 'ఐ', 'ద', 'ఈజ్', 'టు' లాంటి మాటలు కావాలి. ఇవి ధ్వనుల లెక్కకు పూర్తిగా లొంగవు. వారానికి ఒకటి చొప్పున చూసి గుర్తుపట్టేలా నేర్పుతాను, అంతకంటే ఎక్కువ వద్దు.

'కప్'ను 'కుప్' అని, 'మ్యాప్'ను 'మప్' అని చదువుతున్నారు. అచ్చులు ఎలా నేర్పాలి?

మన అచ్చుల పేర్లను ఇంగ్లిష్ అక్షరాలకు అంటించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఏ అంటే అ, యూ అంటే ఉ అని చాలాచోట్ల చెప్పిస్తారు. నిజానికి 'కప్', 'సన్', 'బస్' మాటల్లో యూ పలికేది మన 'అ' లాగే. ఆ 'అ'ను మనం ముందే ఏకి ఇచ్చేస్తే, నాలుగో వారంలో యూ వచ్చేసరికి దానికి మిగిలేది ఏమీ ఉండదు.

ఏకి నేను వాడే ఆనవాలు 'మేక'. మామూలుగా మాట్లాడేటప్పుడు 'మేక' అని పలికి చూడండి, 'మేము' అన్నప్పటి ఏ కంటే నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. ఆ ధ్వనినే పొట్టిగా అంటే 'మ్యాప్'లోని అచ్చు వస్తుంది. మొదటి వారమంతా "మేక నోరు పెట్టండి" అంటే చాలు, పిల్లలు దవడ కిందికి దించేస్తారు. యూ వచ్చినప్పుడు నోరు సగమే తెరవాలి. మ్యాడ్, మడ్ అని రెండూ పక్కపక్కన చదివిస్తే తేడా పట్టుకుంటారు. ఇంగ్లిష్ 'ఓ' అక్షరానికి వస్తే, 'పాట్'ను 'పోట్' అంటే పెదాలు మరీ ముడుస్తున్నారని అర్థం.

'ఐ', 'ఈ' అక్షరాలు మాత్రం మన ఇ, ఎ లాగే ఉంటాయి. వాటితో ఇబ్బంది లేదు.

అర్థం కావడానికి ఇంగ్లిష్ అక్షరం కింద తెలుగులో రాయొచ్చా?

పిల్లల పుస్తకంలో వద్దు. కింద తెలుగు ఉంటే కన్ను అక్కడికే పోతుంది, పైనున్నది బొమ్మగా మిగిలిపోతుంది. మీ సొంత నోట్సులో 'స్' అని పొల్లుతో రాసుకోండి, అది మీ ఉచ్చారణను సరిగ్గా ఉంచుతుంది.

'పెన్' రాస్తే 'పెన్ను' అని, 'బస్' రాస్తే 'బస్సు' అని చదివితే తప్పేనా?

ఇంట్లో, వీధిలో అందరూ పెన్ను, బస్సు, కప్పు అనే అంటారు, పిల్లలూ అంటారు. మాటలో అది తప్పు కాదు. చదివేటప్పుడు మాత్రం అడగాలి: "చివరి అక్షరం దగ్గర వేలు పెట్టు. దాని తర్వాత ఇంకేమైనా ఉందా?" ఏమీ లేదని చూసి, పిల్లలు తామే 'పెన్' దగ్గర ఆగుతారు. దీన్ని వదిలేస్తే డిక్టేషన్‌లో చివర యూ వచ్చి చేరుతుంది.

శనివారం పరీక్ష ఎలా పెట్టాలి?

ఒక్కో పిల్లను దగ్గరికి పిలిచి ఒక నిమిషం. మా తరగతిలో 28 మంది, అరగంటలో అయిపోతుంది. మిగతావాళ్లు ఆ సమయంలో బొమ్మలకు రంగులు వేసుకుంటారు. ఒక కాగితం మీద 8 అక్షరాలు, 4 మామూలు మాటలు, 2 అర్థం లేని మాటలు ఉంటాయి. అక్షరాల్లో సగం ఈ వారానివి, సగం పాతవి. మాటలు ఆ వారం బోర్డు మీద చదివినవి కాకూడదు, కానీ నేర్పిన అక్షరాలతోనే ఉండాలి.

అర్థం లేని మాటలు ఎందుకని చాలామంది అడుగుతారు. రెండో వారానికి నేను 'పిమ్', 'న్యాడ్' ఇస్తాను. 'పిన్', 'క్యాట్' లాంటివి పిల్లలు ఎక్కడో చూసి గుర్తుపట్టి చెప్పొచ్చు. 'పిమ్' ఎక్కడా చూసి ఉండరు, ధ్వనులు కలిపితే తప్ప రాదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఆరేళ్ల పిల్లలకు పెడుతున్న ఫోనిక్స్ పరీక్షలో 40 మాటలుంటే వాటిలో 20 ఇలాంటివే. "ఇది మాట కాదు, ఒక వింత జంతువు పేరు" అని ముందే చెప్పండి. లేదంటే 'పిమ్'ను 'పిన్' అని సరిదిద్ది చదివేస్తారు.

మూడు అంకెలను కలిపి 14కి ఇన్ని అని వేయకండి, విడివిడిగానే రాయండి. మీకు కావాల్సిన సమాచారమంతా ఆ మూడింటి తేడాలోనే ఉంది. అక్షరాలు తక్కువైతే పాత కార్డులు ఇంకా కావాలి. అక్షరాలు నిండుగా ఉండి మాటలు సున్నా అయితే కలపడం రాలేదు. మాటలు వచ్చి అర్థం లేనివి రాకపోతే ఆ పిల్ల మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకుంటోంది.

అక్షరాలన్నీ వచ్చి ఒక్క మాటా రాని పిల్లతో ఏం చేయాలి?

మా తరగతిలో ఒక పాప రెండో శనివారం అక్షరాలు 8, మాటలు 0, అర్థం లేనివి 0 తెచ్చుకుంది. ఎమ్, ఏ, ఎన్ చూసి 'మన' అన్నది ఈ పాపే. వాళ్ల అమ్మ రోజూ సాయంత్రం అక్షరాలు పదేసిసార్లు రాయించేది. ఆ పాపకు లోటు అక్షరాల్లో లేదు.

రోజూ మధ్యాహ్న భోజనం తర్వాత 5 నిమిషాలు విడిగా కూర్చోబెట్టాను. మొదటి మూడు రోజులు అక్షరాలు చూపించనే లేదు, నోటితో చెప్పడం, చెవితో వినడం అంతే. 'బ... డి' అంటే 'బడి' అని వెంటనే చెప్పింది. అంటే ముక్కలు కలపాలన్న ఆలోచన తెలుసు. 'అన్న... మ్' అంటే కొంచెం ఆగి 'అన్నం' అంది. ఆ రోజే దారి దొరికింది. 'ఇ... న్' ఇచ్చాను, మొదట 'ఇన' అంది. 'అన్నం' అన్నప్పుడు చివర ఎలా ఆగావో ఇక్కడా అలాగే ఆగు అంటే 'ఇన్' వచ్చింది.

నాలుగో రోజు నుంచి రెండు అక్షరాల కార్డులు పెట్టాను. ఏ, ఎమ్ ఒక జత, ఐ, ఎన్ ఒక జత, ఐ, టీ ఒక జత. వాటిని ఒకే ముక్కగా చదవడం వచ్చాక వాటి ముందు సాగే ధ్వని చేర్చాను. స్స్స్ అంటూ కార్డును జరిపి 'ఇట్'కు తాకిస్తే 'సిట్'. కార్డు జరుగుతున్నంతసేపూ స్స్స్ ఆగకూడదన్నది ఒక్కటే నియమం. చివరి రోజుల్లో ప్, ట్‌తో మొదలయ్యేవి ఇచ్చాను.

మూడో శనివారం 8, 1, 0. అమ్మ దిగులుపడింది, నాకు మాత్రం ఆ ఒకటి చాలనిపించింది. నాలుగో శనివారం 7, 3, 1. ఐదో శనివారం 8, 4, 2.

ఎంతమంది దాటితే తర్వాతి వారానికి వెళ్లాలి?

నాలుగు మాటల్లో మూడు చదివినవాళ్లు తరగతిలో నాలుగింట మూడు వంతులు ఉండాలి. నా 28 మందిలో 21 మంది. అంతకు తగ్గితే కొత్త అక్షరాలు ఆపి, అదే వారాన్ని కొత్త మాటలతో మళ్లీ నడుపుతాను. ఆరు వారాలు ఏడైనా ఫరవాలేదు. ఎక్కువగా ఆగాల్సి వచ్చేది రెండో వారం చివరే, ఎందుకంటే కలపడం వచ్చిందో లేదో బయటపడేది అక్కడే. రెండో వారంలో అక్షరాలు పెరుగుతున్నాయి కదా అని ముందుకు పోతే నాలుగో వారంలో తరగతి రెండుగా చీలిపోతుంది.

ఇంట్లో తమిళం లేదా ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇదే పద్ధతా?

వరుస ఇదే, జాగ్రత్తలు వేరు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు ప్, బ్ లనూ, ట్, డ్ లనూ, క్, గ్ లనూ కలగాపులగం చేయొచ్చు. తమిళ లిపిలో ఒక్కో జతకు ఒకే అక్షరం ఉంటుంది, మాటలో వచ్చే చోటును బట్టి పలుకు మారుతుంది. వాళ్లకు చెయ్యి గొంతు మీద పెట్టించి డ్ అన్నప్పుడు వచ్చే అదురు ట్ అన్నప్పుడు రాదని చూపించాలి. రెండో వారంలో డీ, మూడో వారంలో జీ వచ్చే రోజుల్లో ఒక రెండు నిమిషాలు దీనికే కేటాయించండి.

ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఒక లాభం ఉంది. 'కితాబ్', 'ఘర్' లాంటి మాటలు పొల్లుతో ఆగుతాయి కాబట్టి 'క్యాట్' చివర ఆగడం వాళ్లకు సులువు. ఐదో వారంలో వచ్చే ఎఫ్ కూడా వాళ్లకు తెలిసిన ధ్వనే. తెలుగు పిల్లలకు మాత్రం పై పళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదలమని చూపించాలి.

బీ, డీ తిప్పి రాస్తున్నారు. ఏదైనా లోపమా?

ఆరేళ్ల వయసులో మామూలే. అందుకే డీని రెండో వారంలో, బీని ఐదో వారంలో పెట్టాను, మధ్యలో మూడు వారాల ఎడం ఉంది. డీ రాసేటప్పుడు ముందు గుండ్రం, తర్వాత గీత. బీకి ముందు గీత, తర్వాత గుండ్రం. చేతికి ఆ వరుస అలవాటు కావాలి.

వారంలో రెండు మూడు రోజులు రాని పిల్లల సంగతి?

సోమవారం పాత కార్డుల సమయంలో వాళ్లను నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. తప్పిపోయిన అక్షరాలు ఒకేసారి ఎక్కించను, రోజుకు ఒకటే.

ఇంట్లో మేము ఏం చేయాలి?

అక్షరాలు పేజీలకొద్దీ రాయించకండి. బడి నుంచి ఆ రోజు ఇచ్చిన చీటీలో ఐదు మాటలుంటాయి, వాటిని వేలు పెట్టి చదవమనండి, 5 నిమిషాలు చాలు. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. పాప 'పి... న్... పిన్' అని కలుపుతోందా, లేక 'పిన' అంటోందా అన్నది మీ చెవికి తెలుస్తుంది. తిరుమల కొండ మీద డ్యూటీలకు పోయి రాత్రి ఆలస్యంగా వచ్చే ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్లలో అవ్వ దగ్గర కూర్చుని చదివినా సరే. ఒకటే కోరతాను: పిల్ల తడబడితే మాట మీరు అందించకండి, మొదటి ధ్వని దగ్గరికి వేలు మళ్లీ తీసుకెళ్లండి.

ఆరు వారాల తర్వాత ఇంగ్లిష్ చదవడం వచ్చేసినట్టేనా?

లేదు. పంతొమ్మిది అక్షరాలు అవుతాయి. జే, వీ, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్, క్యూ మిగిలే ఉంటాయి. 'షిప్'లోని ఎస్‌హెచ్, 'చిప్'లోని సీహెచ్, 'రెయిన్'లోని ఏఐ లాంటి జంట అక్షరాలకు ఇంకో ఏడాది పడుతుంది. ఆరో వారం చివర నేను చూసేది ఒకటే: ముందెప్పుడూ చూడని మూడక్షరాల మాటను, ఎవరూ అందించకుండా, పిల్ల తనంతట తాను కలిపి చదవగలదా? చదవగలిగితే ఆగస్టు మూడో వారంలో జే మొదలుపెడతాను. చదవలేని నలుగురైదుగురికి మధ్యాహ్నం ఆ 5 నిమిషాలు దసరా సెలవుల దాకా సాగుతాయి.